తండ్రి పేరున ఉన్న పొలాన్ని వారసుల పేరుకు మార్పించుకోవడం: విశాఖ జిల్లాలో దరఖాస్తు రాసే పద్ధతి, జతపరచాల్సిన పత్రాలు

ఇంటిపెద్ద కాలం చేశాక పొలం మామూలుగానే సాగవుతుంది. గట్టు తగాదాలు ఉండవు, కౌలు డబ్బు వస్తూ ఉంటుంది, రికార్డులో మాత్రం చనిపోయిన ఆయన పేరే ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. బ్యాంకు పంటరుణం రెన్యువల్ చేయనన్నప్పుడో, రోడ్డు కోసం భూమి తీసుకుని పరిహారం ఇచ్చేటప్పుడో, పక్కవాడు హద్దు జరిపినప్పుడో ఆ పేరు మార్చుకోలేదన్న సంగతి గుర్తొస్తుంది. అప్పటికి వారసుల్లో ఒకరిద్దరు కూడా పోయి ఉంటే పని రెండింతలవుతుంది. అందుకే 1971 నాటి భూమి హక్కులు, పట్టాదారు పాసుపుస్తకాల చట్టం, నాలుగో సెక్షన్‌లో, వారసత్వంగా హక్కు వచ్చినవాళ్లు 90 రోజుల్లోగా తహసీల్దారుకు రాతపూర్వకంగా తెలియజేయాలని చెప్పింది. గడువు దాటినంత మాత్రాన హక్కు పోదు. ఆలస్యం ఎందుకైందో ఒక వాక్యంలో రాసి ఎప్పుడైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఇక్కడ ఒకే రకం కేసు తీసుకుని వివరంగా చెబుతాను: వీలునామా రాయకుండా తండ్రి చనిపోయారు, వారసుల మధ్య తగాదా లేదు, భూమి జిరాయితీ పట్టా. విశాఖ చుట్టుపక్కల మండలాల్లో ఎక్కువ కుటుంబాలది ఈ పరిస్థితే. దరఖాస్తు రాయడానికి నేను పాటించే సూత్రం ఒక్కటే. అర్జీలో రాసే ప్రతి వాక్యానికీ రుజువుగా ఒక కాగితం ఉండాలి, జతపరిచే ప్రతి కాగితానికీ అర్జీలో ఒక వాక్యం ఉండాలి. ఏ వాక్యం కింద కాగితం లేదో ఫైలు అక్కడే ఆగుతుంది.

ఉదాహరణకు ఒక కుటుంబం

పద్మనాభం మండలంలో అప్పలనాయుడు అనే రైతు ఉన్నారనుకుందాం. 1998లో రిజిస్టర్డు దస్తావేజుతో 2 ఎకరాల 50 సెంట్లు కొన్నారు. సర్వే నంబరు 112-4లో 1 ఎకరం 60 సెంట్లు, 118-2లో 90 సెంట్లు. చివరి రోజుల్లో పెద్దకొడుకు దగ్గర పెందుర్తిలో ఉండి, కేజీహెచ్‌లో చనిపోయారు. ఆయనకు తల్లి సన్యాసమ్మ, భార్య పైడితల్లి, కొడుకులు రమణ, శ్రీను, పెళ్లై గాజువాకలో ఉంటున్న కూతురు లక్ష్మి ఉన్నారు. పాసుపుస్తకంలో, 1-బిలో ఆయన పేరు ‘అప్పలనాయుడు’. ఆధార్‌లో, మరణ ధ్రువపత్రంలో ‘వెంకట అప్పలనాయుడు’. ఈ చిన్న తేడా పని ఎలా ఆపుతుందో, దాన్ని ఎలా దాటాలో కింద చూద్దాం.

మొదటి మెట్టు: భూమి ఏ ఆఫీసు పరిధిలో ఉందో, రికార్డు ఏం చెబుతోందో చూడండి

2022 ఏప్రిల్ 4న ఉమ్మడి విశాఖ జిల్లా మూడుగా విడిపోయింది. సబ్బవరం, పరవాడ వంటి మండలాల్లో భూమి ఉన్నవాళ్లు ఇప్పుడు అనకాపల్లి జిల్లా కిందకు వస్తారు, అరకు వైపు భూములు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. మీరు సీతమ్మధారలో ఉంటున్నా, హైదరాబాదులో ఉంటున్నా, మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పు, దరఖాస్తు మాత్రం భూమి ఉన్న మండలం తహసీల్దారుకే పోవాలి. మన ఉదాహరణలో అది పద్మనాభం. పైఅధికారి భీమునిపట్నం ఆర్డీవో.

తర్వాత meebhoomi.ap.gov.in తెరిచి ఆ గ్రామం 1-బి, అడంగల్ రెండూ తీసుకోండి. 1-బి ఖాతా వారీగా ఉంటుంది. ఒక పట్టాదారుకు ఆ గ్రామంలో ఉన్న భూమంతా అందులో ఒకచోట కనిపిస్తుంది. అడంగల్ సర్వే నంబరు వారీగా ఉంటుంది. అందులో పట్టాదారు పేరుతోబాటు అనుభవదారు పేరు కూడా వస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం ఒకటే చెబుతున్నాయా అని చూడండి. 1-బిలో 2.50 ఉండి, అడంగల్‌లో అనుభవదారుగా వేరెవరి పేరో కనబడితే ఆ చిక్కు ముందు తెలుసుకోవాలి. కౌలురైతు పేరు పొరపాటున ఎక్కిందా, ఎవరైనా తమదే అంటున్నారా అన్నది వీఆర్వోను అడగండి. దరఖాస్తు పెట్టాక విచారణలో బయటపడితే అప్పుడు సర్దిచెప్పుకోవడం కష్టం.

రీసర్వే పూర్తయిన గ్రామాల్లో మరో సంగతి ఉంది. అక్కడ పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీ నంబర్లు, అంటే ల్యాండ్ పార్సిల్ నంబర్లు వచ్చాయి. మీ చేతిలోని దస్తావేజులో 112-4 అని ఉంటుంది, ఆన్‌లైన్ 1-బిలో మూడంకెల కొత్త నంబరు ఒకటి కనిపిస్తుంది, విస్తీర్ణం కూడా రెండు మూడు సెంట్లు అటూఇటూ అయ్యుండొచ్చు. పాత నంబరుకు ఏ కొత్త నంబరు వచ్చిందో చూపే వివరం గ్రామ సర్వేయరు దగ్గర తీసుకుని, అర్జీలో రెండు నంబర్లూ రాయండి. విస్తీర్ణం తగ్గినట్టు కనిపిస్తే దాని మీద అభ్యంతరం వేరే అర్జీగా పెట్టాలి. వారసత్వం అర్జీలో కలిపితే రెండూ నిలిచిపోతాయి.

అదే సమయంలో రిజిస్ట్రేషన్ శాఖ నుంచి ఈసీ తీయండి. తండ్రి బతికుండగా ఆ భూమిలో కొంత అమ్మారా, ఎవరికైనా గిఫ్టు రాశారా, తనఖా ఉందా అన్నది అందులో తెలుస్తుంది. సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో ఉందేమో కూడా చూసుకోవాలి. డి-పట్టా, అంటే ప్రభుత్వం అసైన్ చేసిన భూమి అయితే వారసులకు సంక్రమిస్తుంది కానీ జిరాయితీలా అమ్ముకునే హక్కు మ్యుటేషన్‌తో రాదు, కాబట్టి అర్జీలో భూమి స్వభావం దాచకుండా రాయాలి. సింహాచలం దేవస్థానం పంచగ్రామాల పరిధిలోని అడవివరం, వేపగుంట, వెంకటాపురం, పురుషోత్తపురం, చీమలాపల్లి భూములకు ఈ దారి సరిపోదు. అక్కడ హక్కు వివాదమే వేరుగా నడుస్తోంది.

రెండో మెట్టు: వారసులెవరో నిజాయితీగా లెక్కపెట్టండి

ఎక్కువ ఫైళ్లు పాడయ్యేది ఇక్కడే. హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం వీలునామా లేకుండా చనిపోయిన పురుషుడి స్వార్జితం మొదటి తరగతి వారసులకు వస్తుంది. భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి అందులో ఉన్నారు. ఒక్కొక్కరికి ఒక్కో వాటా. కూతురికి పెళ్లైందా, కట్నం ఇచ్చారా, పసుపు కుంకాలు పెట్టారా అన్నవాటికీ ఈ వాటాకూ సంబంధం లేదు. మన ఉదాహరణలో ఐదుగురు వారసులు. 2.50 ఎకరాల్లో ఒక్కొక్కరికి ఐదో వంతు, అంటే 50 సెంట్లు.

తల్లిని మరిచిపోవడం చాలా ఇళ్లలో జరుగుతుంది. ఎనభై ఏళ్ల సన్యాసమ్మ చిన్నకొడుకు ఇంట్లో ఉంటుంది, ఆమె రేషన్ కార్డు వేరు, అందుకని అప్పలనాయుడు కుటుంబం అనగానే ఆమె పేరు ఎవరికీ తోచదు. కానీ కొడుకు చనిపోయేనాటికి ఆమె బతికుంటే ఆమెకూ 50 సెంట్ల హక్కుంది. ఆమె తర్వాత ఆ వాటా ఆమె వారసులందరికీ పోతుంది. అంటే అప్పలనాయుడు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ కూడా అందులోకి వస్తారు. ఇప్పుడు ఆమె పేరు వదిలేస్తే పదేళ్ల తర్వాత వాళ్లలో ఎవరైనా అడగొచ్చు, అడిగితే న్యాయం వాళ్ల వైపే ఉంటుంది.

కొడుకో కూతురో తండ్రికన్నా ముందే చనిపోతే వాళ్ల పిల్లలకు, కొడుకు విషయంలో అతని భార్యకు కూడా, ఆ వాటా వస్తుంది. తాత తండ్రుల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తి అయితే వాటాలు ఇంత సూటిగా ఉండవు, ఎందుకంటే కొడుకులకు, కూతుళ్లకు పుట్టుకతోనే హక్కు ఉంటుంది. అప్పుడు వాటాల లెక్క వకీలుతో చూపించుకోవడం మంచిది. ముస్లింలకు షరియత్ ప్రకారం, క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం వాటాలు మారతాయి. షెడ్యూల్డు తెగలకు హిందూ వారసత్వ చట్టం వర్తించదు.

వాటాలు తేలాక ఇంట్లో ఒక నిర్ణయం తీసుకోవాలి. ఐదుగురి పేర్లూ ఉమ్మడిగా ఎక్కిద్దామా, లేక ఇప్పుడే పంచుకుని విడివిడిగా ఎక్కిద్దామా? ముందు ఉమ్మడిగా ఎక్కించుకోవడమే మేలని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఉమ్మడిగా అయితే సబ్‌డివిజన్ కొలతలు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, చనిపోయిన ఆయన పేరు స్థానంలో బతికున్న ఐదుగురి పేర్లు వస్తాయి. పంపకం తర్వాత తీరిగ్గా రిజిస్టర్డు భాగ పంపకాల దస్తావేజుతో చేసుకోవచ్చు, అప్పుడు సర్వేయరు కొలిచి 112-4ను ముక్కలు చేస్తారు.

‘అమ్మకీ చెల్లికీ వద్దన్నారు, మా ఇద్దరి పేరునే ఎక్కించండి’ అని అడిగే అన్నదమ్ములు కూడా ఉంటారు. అమ్మ, చెల్లి మనస్ఫూర్తిగా వదులుకున్నా, అది నోటి మాటతోనో, నోటరీ చేసిన సమ్మతి పత్రంతోనో కాదు. స్థిరాస్తిలో హక్కు వదులుకోవడం రిజిస్టర్డు హక్కు విడుదల దస్తావేజుతోనే జరగాలి. వారసుల్లో మైనరు ఉంటే వాళ్ల వాటాను సహజ సంరక్షకులు కూడా కోర్టు అనుమతి లేకుండా వదులుకోలేరు.

మూడో మెట్టు: కాగితాలు సమకూర్చుకోండి

మరణ ధ్రువపత్రం మరణం జరిగిన చోట నమోదవుతుంది, సొంతూరిలో కాదు. అప్పలనాయుడు కేజీహెచ్‌లో పోయారు కాబట్టి ఆయనది జీవీఎంసీ ఇస్తుంది. పద్మనాభం పంచాయతీ చుట్టూ తిరిగి ప్రయోజనం లేదు. 21 రోజుల్లో నమోదు చేయిస్తే పని తేలిక. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా వెళ్లాల్సి వస్తుంది. పత్రం చేతికి రాగానే పేరు, తండ్రి పేరు, తేదీ అక్షరమక్షరం చదవండి. తప్పుంటే అక్కడే దిద్దించుకోవాలి.

ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ చనిపోయిన వ్యక్తి నివాసం ఉన్న మండలం తహసీల్దారు ఇస్తారు. మన కేసులో నివాసం పెందుర్తి, భూమి పద్మనాభం. కాబట్టి ఈ సర్టిఫికెట్‌కు పెందుర్తి మండలంలో, సచివాలయం ద్వారానో మీసేవ ద్వారానో దరఖాస్తు పెట్టాలి. దాని విచారణలో రేషన్ కార్డు చూసి పేర్లు రాసుకునే అలవాటుంది. అందుకే పెళ్లైన లక్ష్మి, వేరే ఇంట్లో ఉన్న సన్యాసమ్మ జారిపోతారు. దరఖాస్తులోనే ఐదుగురి పేర్లూ, ఎవరెక్కడ ఉంటున్నారో రాసి ఇవ్వండి. వచ్చిన సర్టిఫికెట్‌లో తల్లి పేరు లేకపోతే సవరణ అడగండి, అది కుదరకపోతే ఆమె కూడా వారసురాలని ఐదుగురూ అఫిడవిట్‌లో చెప్పండి.

కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్ కావాలని కొందరు భయపెడతారు. అది బ్యాంకు డిపాజిట్లు, షేర్లు, చనిపోయినవారికి రావాల్సిన బాకీలు వంటి వాటికోసం ఉన్నది. తగాదా లేని పొలం మ్యుటేషన్‌కు దానికోసం కోర్టులో నెలల తరబడి ఎదురుచూడక్కర్లేదు.

ఇక పేరు తేడా. ‘అప్పలనాయుడు’, ‘వెంకట అప్పలనాయుడు’ ఒకరేనని ఎవరు చెప్పాలి? అఫిడవిట్ ఒక్కటే అయితే అది వారసులు తమ గురించి తాము చెప్పుకున్న మాట అవుతుంది. దానికి తోడుగా ఆయన బతికుండగా పుట్టిన కాగితం ఒకటి పెడితే బలం వస్తుంది. రెండు పేర్లలో ఏదో ఒకటి, తండ్రి పేరు, ఊరు కలిసి ఉన్న పాత ఓటరు కార్డో, పంటరుణం పాసుబుక్కో, 1998 దస్తావేజో చాలు. తండ్రి పేరు, ఊరు, సంతకం లేదా వేలిముద్ర అన్నిట్లో ఒకటే అయితే విచారణాధికారికి సంశయం ఉండదు. లక్ష్మి ఇంటిపేరు పెళ్లితో మారింది కాబట్టి ఆమె పదో తరగతి సర్టిఫికెట్టో, పెళ్లి సర్టిఫికెట్టో ఇలాగే పెట్టాలి.

పంటరుణం ఉంటే అసలు పాసుపుస్తకం బ్యాంకులో ఉంటుంది. దానికోసం మొత్తం బాకీ కట్టనవసరం లేదు. పుస్తకం తమ దగ్గర ఉందని బ్యాంకు ఇచ్చే ఉత్తరం, పుస్తకం జెరాక్సు తీసుకోండి. రుణం సంగతి అర్జీలో రాయండి. పుస్తకం పోయి ఉంటే పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి, ఆ రసీదు జతచేయండి.

నాలుగో మెట్టు: అర్జీ రాయడం

సచివాలయంలోనో మీసేవలోనో నింపే ఫారం ఎలాగూ ఉంటుంది. దానిలో మీ కథ పట్టదు. అందుకే తెల్లకాగితం మీద ఇలా ఒక అర్జీ రాసి, అదీ స్కాన్ చేయించి ఫారంతోబాటు ఎక్కించండి. మన కుటుంబానికి అది ఇలా ఉంటుంది. ఖాళీలు మీవి నింపుకోండి.

> తేదీ: ........
>
> శ్రీయుత తహసీల్దారు గారికి,
> పద్మనాభం మండలం, విశాఖపట్నం జిల్లా.
>
> అయ్యా,
>
> విషయం: పద్మనాభం మండలం, ........ గ్రామం, ఖాతా నంబరు ......లోని భూమికి, పట్టాదారు మరణించినందున వారసుల పేర్లు ఉమ్మడిగా నమోదు చేయాలని, కొత్త పట్టాదారు పాసుపుస్తకం ఇప్పించాలని విన్నపం.
>
> 1. పై గ్రామంలో సర్వే నంబరు 112-4లో య. 1.60 సెంట్లు, సర్వే నంబరు 118-2లో య. 0.90 సెంట్లు, మొత్తం య. 2.50 సెంట్లు జిరాయితీ భూమి (కొత్త ఎల్‌పీ నంబర్లు ......, ......) కీ.శే. ........ అప్పలనాయుడు, తండ్రి ........ గారి పేరున పట్టాగా ఉన్నది. (జత 1, 2, 3)
>
> 2. ఈ భూమిని ఆయన 1998లో ........ సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్టరైన ...... నంబరు దస్తావేజు ద్వారా కొనుక్కున్నారు. అది ఆయన స్వార్జితం. (జత 4, 5)
>
> 3. ఆయన తేదీ ........న విశాఖపట్నంలో మరణించారు. వీలునామా రాయలేదు. (జత 6)
>
> 4. రెవెన్యూ రికార్డులో ‘అప్పలనాయుడు’ అనీ, మరణ ధ్రువపత్రంలోనూ ఆధార్‌లోనూ ‘వెంకట అప్పలనాయుడు’ అనీ ఉన్న పేర్లు రెండూ ఒకే వ్యక్తివి. (జత 7, 8)
>
> 5. ఆయనకు వారసులు ఈ కింది ఐదుగురు మాత్రమే: తల్లి సన్యాసమ్మ, భార్య పైడితల్లి, కుమారులు రమణ, శ్రీను, కుమార్తె లక్ష్మి. (జత 9, 10, 11)
>
> 6. భూమి మా స్వాధీనంలో, సాగులో ఉన్నది. దీనిపై కోర్టులో ఎలాంటి కేసూ లేదు. ........ బ్యాంకు ........ శాఖలో పంటరుణం ఉన్నది, పాసుపుస్తకం బ్యాంకు వద్ద ఉన్నది. (జత 12)
>
> 7. ఐదుగురం సమ్మతితో, మా పేర్లు సమాన వాటాలతో ఉమ్మడిగా నమోదు చేయాలని కోరుతున్నాము. (జత 10)
>
> కావున తాము విచారణ జరిపించి, హక్కుల రికార్డు, 1-బి, అడంగల్‌లో పై పట్టాదారు పేరు స్థానంలో మా ఐదుగురి పేర్లు నమోదు చేయించి, పాసుపుస్తకం ఇప్పించవలసిందిగా ప్రార్థన.
>
> ఇట్లు
> (ఐదుగురి పేర్లు, సంతకాలు లేదా వేలిముద్రలు, చిరునామా, ఫోను నంబరు)
>
> జతపరచిన పత్రాలు:
> 1. 1-బి నకలు
> 2. రెండు సర్వే నంబర్ల అడంగల్ నకళ్లు, పాత కొత్త నంబర్ల వివరం
> 3. పట్టాదారు పాసుపుస్తకం జెరాక్సు
> 4. 1998 కొనుగోలు దస్తావేజు జెరాక్సు
> 5. ఈసీ
> 6. మరణ ధ్రువపత్రం, జీవీఎంసీ
> 7. రెండు పేర్లూ ఒకరివేనని అఫిడవిట్
> 8. పాత ఓటరు కార్డు, పంటరుణం పాసుబుక్కు జెరాక్సులు
> 9. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, పెందుర్తి తహసీల్దారు
> 10. వారసుల ఉమ్మడి అఫిడవిట్, సమ్మతి
> 11. ఐదుగురి ఆధార్ జెరాక్సులు, లక్ష్మి ఇంటిపేరు మార్పుకు రుజువు
> 12. బ్యాంకు ఉత్తరం

ఈ అర్జీలో ఐదో వాక్యంలో ఉన్న ‘మాత్రమే’ అన్న మాట చాలా బరువైనది. ఇంకో వారసుడు ఉండి కూడా ఆ మాట రాసి ప్రమాణం చేస్తే అది అబద్ధపు అఫిడవిట్ అవుతుంది, వచ్చిన మ్యుటేషన్ కూడా నిలబడదు. ఆరో వాక్యంలో కోర్టు కేసు గురించి కూడా అంతే. కేసు ఉంటే నంబరుతో సహా చెప్పండి.

జతల జాబితాలో రాసిన వరసలోనే కాగితాలు పేర్చి, ప్రతిదాని పైన ‘జత 1’, ‘జత 2’ అని రాయండి. అన్నీ జెరాక్సులే ఇవ్వండి, ప్రతి పేజీ మీద సంతకం చేయండి. అసలు దస్తావేజు ఎవరు అడిగినా వదలొద్దు. విచారణ రోజు చూపించి వెనక్కి తెచ్చుకోవాలి. మొత్తం ఫైలుకు ఇంకో సెట్టు మీ దగ్గర ఉంచుకోండి.

ఐదో మెట్టు: ఇవ్వడం, విచారణ

భూమి ఉన్న గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు దగ్గరగానీ మీసేవ కేంద్రంలోగానీ దరఖాస్తు ఎక్కించి, దరఖాస్తు నంబరున్న రసీదు తీసుకోండి. ఆ నంబరు మీద మీ ఫోను నంబరు సరిగా ఎక్కిందో లేదో చూసుకోవాలి, సమాచారం దానికే వస్తుంది. ఊళ్లో లేని వారసుడి ఫోనుకన్నా ఊరికి దగ్గరలో ఉన్నవాళ్లది ఇవ్వడం నయం.

తర్వాత ఫైలు వీఆర్వోకు పోతుంది. ఆయన ఊళ్లో విచారించి, వారసుల వాంగ్మూలాలు, చుట్టుపక్కల రైతుల మాట తీసుకుని, ఆర్‌ఐ ద్వారా తహసీల్దారుకు నివేదిక పంపుతారు. అభ్యంతరాలు ఉంటే చెప్పమని నోటీసు ఇస్తారు. రికార్డు మార్చేముందు సంబంధం ఉన్నవాళ్లకు నోటీసు ఇచ్చి, చెప్పుకునే అవకాశం ఇవ్వాలని అదే 1971 చట్టం అయిదో సెక్షన్ చెబుతోంది. ఇది మీకూ రక్షణే. నోటీసు సక్రమంగా ఇచ్చి చేసిన మ్యుటేషన్‌ను తర్వాత ‘నాకు చెప్పలేదు’ అని కొట్టించడం కష్టం.

విచారణ రోజున ఐదుగురూ వస్తే ఒక్కపూటలో అయిపోతుంది. సన్యాసమ్మ రాలేని స్థితిలో ఉంటే ఆ సంగతి వీఆర్వోకు ముందే చెప్పి, ఇంటిదగ్గరే ఆమె వేలిముద్ర తీసుకోమని అడగండి. లక్ష్మి తప్పకుండా రావాలి. ఆమె స్వయంగా వచ్చి ‘నా పేరూ ఎక్కించండి, మాకు తగాదా లేదు’ అని చెప్పిన మాటతో సగం అనుమానాలు తీరిపోతాయి.

ఫైలు కదలకపోతే ముందు సచివాలయంలో ఎవరి లాగిన్‌లో ఆగిందో అడగండి. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిస్తే ఎవరిని కలవాలో తెలుస్తుంది. అప్పటికీ కదలకపోతే సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో దరఖాస్తు నంబరుతో అర్జీ ఇవ్వొచ్చు. సమాచార హక్కు చట్టం కింద మండల కార్యాలయంలో 5 రూపాయల రుసుముతో ‘నా దరఖాస్తుపై ఏ తేదీన ఎవరు ఏం రాశారు’ అని అడిగితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ ప్రశ్నకు జవాబు రాయాలంటే ఫైలు తెరవక తప్పదు.

తిరస్కరిస్తే

‘మీది అవదు’ అన్న నోటిమాటతో వెనక్కి రావొద్దు. కారణాలతో రాతపూర్వక ఉత్తర్వు తీసుకోండి. కాగితం లోటు, పేరు తేడా, వారసురాలి పేరు వదిలేయడం లాంటి కారణమైతే సరిచేసి మళ్లీ పెట్టుకోవచ్చు. ఉత్తర్వే తప్పని మీకు అనిపిస్తే అది అందిన 60 రోజుల్లోగా ఆర్డీవోకు అప్పీలు చేసుకోవాలి. పద్మనాభానికి అది భీమునిపట్నం ఆర్డీవో కార్యాలయం. ఆ తర్వాత తొమ్మిదో సెక్షన్ కింద జిల్లా స్థాయిలో రివిజన్ ఉంది. అన్నదమ్ముల్లో ఒకరు ‘నాన్న నాకొక్కడికే వీలునామా రాశారు’ అని పాత కాగితం తెచ్చారనుకోండి, అది నిజమో కాదో తేల్చే అధికారం తహసీల్దారుకు లేదు. అది సివిల్ కోర్టు పని. అప్పుడు అప్పీళ్ల వెంట తిరగడం కన్నా ఎనిమిదో సెక్షన్ చెప్పినట్టు హక్కు ప్రకటన కోసం కోర్టుకు వెళ్లడమే సరైన దారి. రికార్డులో పేరు ఉన్నంత మాత్రాన యాజమాన్యం స్థిరపడదని, అది శిస్తు వంటి రెవెన్యూ అవసరాల కోసమేనని సుప్రీంకోర్టు పలు తీర్పుల్లో చెప్పింది కూడా.

మ్యుటేషన్ అయ్యాక

ఉత్తర్వు వచ్చిందన్న కబురు అందగానే 1-బి, అడంగల్ మళ్లీ తీయండి. ఐదు పేర్లూ ఉన్నాయా, ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా, విస్తీర్ణాల మొత్తం 2.50కి సరిపోతోందా, పాత ఖాతాలో తండ్రి పేరున ఇంకా ఏమైనా మిగిలిందా అన్నవి చూడండి. 112-4 ఎక్కి, 118-2 పాత పేరుతోనే మిగిలిపోవడం జరుగుతూ ఉంటుంది. అలా కనిపిస్తే వారంలోపే అదే దరఖాస్తు నంబరు పేర్కొని సవరణ అడగండి, ఫైలు ఇంకా అధికారి గుర్తులో ఉంటుంది. అడంగల్‌లో అనుభవ స్వభావం దగ్గర వారసత్వం అని వచ్చిందో లేదో కూడా చూడండి.

ఆ కొత్త 1-బితో బ్యాంకుకు వెళ్లి రుణం వారసుల పేరుకు మార్చే సంగతి మాట్లాడుకోవాలి. పీఎం కిసాన్ తండ్రి ఖాతాలో పడుతూ ఉంటే ఆపించి, వారసుడు తన పేరున నమోదు చేసుకోవాలి. ఆ పథకంలో భూమి 2019 ఫిబ్రవరి 1 నాటికి పేరున ఉండాలన్న నియమం ఉంది కానీ, పట్టాదారు మరణంతో వారసత్వంగా వచ్చిన భూమికి ఆ తేదీ అడ్డు కాదు. సచివాలయంలో ఎవరైనా ఆ తేదీ చూపించి కాదంటే, కొత్త 1-బితోబాటు మరణ ధ్రువపత్రం కూడా ముందుపెట్టి ఈ మినహాయింపు గుర్తుచేయండి.